ఇరవై ఒక్క నెలల లెక్క

ఆ అమ్మాయి మా ఆఫీసులో చేరిన వారానికే నాకు కంటగింపు మొదలైంది. ఇప్పటికైనా ఆ మాట ఉన్నదున్నట్టు రాయాలి.

అమలాపురంలో ఒక మందుల షాపు మీద రెండు గదులు మా ఆఫీసు. రొయ్యల మేత నిలవ చేసే గోడౌన్లలో తేమ, వేడి కొలిచే చిన్న వైర్‌లెస్ సెన్సర్లు తయారు చేస్తాం. మేత బస్తాకు తేమ తగిలితే గడ్డ కట్టి బూజు పడుతుంది. అది చెరువులో వేస్తే రొయ్య జబ్బు పడుతుంది. మా సెన్సర్ అగ్గిపెట్టెంత ఉంటుంది. బస్తాల మధ్య వేలాడదీస్తే నిమిషానికోసారి లేచి, తేమ కొలిచి, గోడకున్న రిసీవర్ డబ్బాకు రేడియోలో పంపి మళ్లీ పడుకుంటుంది. రిసీవర్ కరెంటు మీద నడుస్తుంది, సెన్సర్ మాత్రం రూపాయి బిళ్ళంత కాయిన్ సెల్ మీద. ఆ సెల్ ఎన్నాళ్లు వస్తుందన్నదే మా వ్యాపారం. నెలనెలా నిచ్చెన వేసుకుని ఇరవై అడుగుల బస్తాల గుట్ట ఎక్కి సెల్ మార్చమంటే ఏ గోడౌన్ వాళ్లూ మా సెన్సర్ పెట్టుకోరు.

హైదరాబాదులో మీటర్లు తయారు చేసే కంపెనీలో ఎనిమిదేళ్లు పనిచేసి, మా ఆయనకు ఇక్కడి కాలేజీలో ఉద్యోగం రావడంతో అమలాపురం వచ్చాను. మా యజమానిని అందరం సార్ అంటాం. ఆయనతో మొదటి రోజు నుంచీ ఉన్నదాన్ని నేనే. బోర్డు గీసింది నేను, చిప్‌లో ప్రోగ్రాం రాసింది నేను, గోడౌన్ వాళ్లు ఫోన్‌లో చూసుకునే గ్రాఫుల పేజీ చేసింది నేను. సెల్ లెక్క కూడా నాదే. పద్నాలుగు నెలలు.

ఆ అమ్మాయిది రాజోలు దగ్గర పల్లెటూరు. చదివింది డిప్లొమా. భర్త మస్కట్‌లో ఏసీ మెకానిక్కు. నా కంటే పదేళ్లు చిన్నది. బస్సు దిగి వచ్చేసరికి నుదుటి మీద చెమట, చేతిలో టిఫిను క్యారేజీ. నన్ను అక్కా అని పిలిచేది. మొదటి రోజు నా బోర్డు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "పడుకున్నప్పుడు ఎంత లాగుతుందక్కా ఇది?" అని అడిగింది.

"తొమ్మిది మైక్రోఆంపులు," అన్నాను.

"చిప్ కాగితంలో మూడే అని ఉంది కదండీ?"

కాగితాల్లో ఎప్పుడూ తక్కువే రాస్తారని చెప్పి ఊరుకున్నాను. నిజానికి ఆ తొమ్మిది కొలవడానికి నాకు మూడు రోజులు పట్టింది. మల్టీమీటర్‌ను మైక్రోఆంపుల్లో పెడితే సెన్సర్ పడుకున్నంతసేపూ బాగానే చూపిస్తుంది. రేడియో లేచి పది మిల్లీఆంపులు లాగగానే మీటర్ లోపలి రెసిస్టరులోనే వోల్టేజీ పడిపోయి, బోర్డు చచ్చి మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. అందుకని మీటర్‌కు అడ్డంగా ఒక స్విచ్ పెట్టి, లేచే క్షణానికి అది నొక్కుతూ కూర్చున్నాను. అంత కష్టపడి తెచ్చిన అంకెను ఎవరైనా ప్రశ్నిస్తే నాకు నచ్చదు.

మర్నాడు ఆమె సెల్ తీసేసి, ఆ స్థానంలో వెయ్యి మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒకటి అతికించింది. రేడియో లేవకుండా ప్రోగ్రాంలో ఆపేసింది. కెపాసిటర్‌ను మూడు వోల్టులకు నింపి వదిలేసి ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కింది. మీటరు తగిలించే ఉంచితే అదీ కాస్త తాగుతుందని, మొదట ఒకసారి, చివర ఒకసారి మాత్రం ముట్టించింది. వోల్టేజీ ఎంత పడిందో, ఎన్ని సెకన్లలో పడిందో చూస్తే లోపలికి ఎంత పోతోందో తెలిసిపోతుంది. కెపాసిటర్ తనంతట తాను కార్చేది విడిగా చూసి తీసేసింది. మొత్తం పావుగంట.

"తొమ్మిదే అక్కా, మీరు కొలిచింది కరెక్టే," అంది. నాకు ఊపిరి తిరిగింది. ఆ వెంటనే, "కానీ ఆరు అనవసరంగా పోతున్నాయండి," అంది.

సెన్సర్ తీగను వోల్టేజీ వైపు లాగి పట్టడానికి నేను పెట్టిన పుల్‌అప్ రెసిస్టర్ ఉంది. చిప్ పడుకునేటప్పుడు ఆ తీగ కలిసే పిన్నును సున్నాకు లాగి ఉంచేలా రాశాను. పడుకున్నంతసేపూ ఆ రెసిస్టర్ గుండా కరెంటు కారుతూనే ఉంది. ఆమె ఒక్క లైను మార్చింది. తొమ్మిది మూడయింది.

సార్ పక్క గదిలోంచి వచ్చి చూశారు. ఆమె తెల్లకాగితం మీద లెక్క వేసి చూపించింది. లేచి, కొలిచి, పంపి పడుకునే సరికి యాభై మిల్లీసెకన్లు. అంతసేపూ సగటున పది మిల్లీఆంపులు. దాన్ని అరవై సెకన్ల మీద పరిస్తే ఎనిమిది చిల్లర మైక్రోఆంపులు. నిద్రలో పోయే మూడూ కలిపితే పదకొండు చిల్లర. సెల్ మీద రెండు వందల ఇరవై మిల్లీఆంప్-అవర్లు అని ఉంటుంది గాని, ముసలైపోయిన సెల్ పది మిల్లీఆంపుల కుదుపు తట్టుకోలేదు, వోల్టేజీ కూలిపోతుంది. అందుకని అయిదో వంతు వదిలేసి నూట డెబ్భై ఆరే లెక్కలోకి తీసుకుంది.

"ఇరవై ఒక్క నెలలు వస్తుందండి," అంది.

"ఆయ్! ఒక్క లైనుకి ఏడు నెలలు పెరిగిందన్నమాట," అన్నారు సార్. తర్వాత నావైపు తిరిగి, "చూసేరా మేడం, ఎంత సింపుల్‌గా పట్టేసిందో!" అన్నారు.

ఆయన మాటలో ఏ దెప్పూ లేదు. ఆయనకు నిజంగా సంతోషం. అదే నాకు ఎక్కువ మండింది. నాలుగేళ్లలో నా పని చూసి ఆయన ఆ గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు.

అప్పటి నుంచి ఆమె చేసే ప్రతి పనినీ ఓరగా చూడటం అలవాటైంది. టిఫిను ఎంత తొందరగా తింటుందో చూసేదాన్ని. సార్ ముందు ఎవరిని పిలుస్తారో లెక్కపెట్టేదాన్ని. ఇంటికెళ్లి మా ఆయనతో, "డిప్లొమా చదివిన పిల్ల నాకు పాఠాలు చెప్తోంది," అంటే, ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, "పాఠం తప్పా?" అని అడిగారు. ఆ రాత్రి ఆయన మీదా అలిగి పడుకున్నాను.

సంక్రాంతి వెళ్లాక రాజోలు దారిలో ఒక పెద్ద మేత గోడౌన్‌కు ముప్పై సెన్సర్లు ఇచ్చాం. అంత పెద్ద ఆర్డరు మాకు అదే మొదలు. కాగితం మీద ఇరవై ఒక్క నెలలు అని రాసి ఇచ్చారు సార్. కింద సంతకం ఆమెది. బిగించడానికి మాత్రం నేను వెళ్లాను. అత్తగారికి కంటి ఆపరేషన్ అయి ఆమె సెలవులో ఉంది.

గోడౌన్‌లో ఒక గుమస్తాగారు ఉన్నారు. యాభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. దగ్గరుండి అన్నీ చూసుకున్నారు. పని అయ్యేసరికి రాత్రి ఎనిమిదైంది. నేను చెప్పులు వేసుకుంటుంటే ఆయన తలుపు పక్కనున్న మెయిన్ స్విచ్ కిందికి లాగేశారు. గోడౌనంతా చీకటి. గోడ మీద మా రిసీవర్ పచ్చలైటు కూడా ఆరిపోయింది.

"రోజూ ఇలాగే ఆపేస్తారా అండీ?" అని అడిగాను.

"ఆయ్, రోజూనండి, మళ్లీ పొద్దున్న ఎనిమిదింటికే వేస్తాం. ఓసారి షార్ట్ సర్క్యూటై నాలుగొందల బస్తాలు తగలబడిపోయేయి. అప్పట్నించీ తాళం వేసేముందు మెయిన్ ఆపేయమన్నారు మా అయ్యగారు. ఆదివారాలైతే అసలు వెయ్యమండి. మీ డబ్బాకేమైనా ఇబ్బందా?"

ఇబ్బందే. సెన్సర్ పంపిన ప్రతిసారీ రిసీవర్ నుంచి అందిందన్న జవాబు కోసం చూస్తుంది. జవాబు రాకపోతే మళ్లీ పంపుతుంది, ఎనిమిది సార్ల వరకు. ఆ ప్రోగ్రాం నేను రాసిందే. రిసీవర్ ఆరిపోయి ఉంటే యాభై మిల్లీసెకన్ల పని నాలుగు వందలవుతుంది, అదీ నిమిషానికోసారి. పదకొండు కావలసిన కరెంటు డెబ్భై అవుతుంది. పన్నెండు గంటలు ఆరిపోయి, ఆదివారాలు పూర్తిగా ఆరిపోతే ఎన్నాళ్లు వస్తుందో ఆటోలో కూర్చుని వేళ్ల మీద లెక్క వేశాను. ఆరు నెలలు కూడా రావు.

గుమస్తాగారికి మాత్రం, "ఏమీ ఇబ్బంది లేదండీ," అని చెప్పి వచ్చాను.

మర్నాడు ఆమె, "ఎలా జరిగిందక్కా? సిగ్నల్ అన్ని మూలలకీ వస్తోందా?" అని అడిగింది.

"బాగానే వస్తోంది," అన్నాను. అది అబద్ధం కాదు. మిగతాది చెప్పలేదంతే. ఇరవై ఒక్క నెలలు అని తన సంతకంతో రాసింది కదా, చూద్దాం అనుకున్నాను. ఇది చెడ్డ ఆలోచన అని నాకు తెలియకపోలేదు. తెలిసే చేశాను.

రాత్రిపూట రీడింగులు రావడం లేదని ఆమెకూ సార్‌కూ తెలియాలి కదా అని ఎవరైనా అడగొచ్చు. గ్రాఫుల పేజీ నాది. రెండు చుక్కల మధ్య ఎంత ఖాళీ ఉన్నా అది తిన్నగా ఒక గీత గీసేస్తుంది. రాత్రి ఎనిమిదికి ఆగిన చుక్క నుంచి ఉదయం ఎనిమిది చుక్క దాకా నున్నటి గీత. చూసినవాళ్లకు రాత్రిళ్లు తేమ నిలకడగా ఉందనిపిస్తుంది. ఒకసారి సార్ ఫోన్‌లో చూసి, "రాత్రిళ్లు గోడౌన్ బాగానే ఉంటోందండోయ్," అన్నారు. నేను పక్కనే ఉండి తలూపాను.

జూలై మధ్యలో, ముసురు పట్టిన వారం, సెన్సర్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. సోమవారం నాలుగు, బుధవారానికి పదకొండు, మరో వారం తిరిగేసరికి ముప్పైలో ఇరవై ఆరు. గోడౌన్ వాళ్లు సెన్సర్ల మీద భరోసాతో బస్తాలు తిప్పి చూడటం మానేశారు. వెనక వరస అరవై బస్తాల మేత బూజు పట్టింది. అందులో కొన్ని అప్పటికే ఒక రైతు చెరువుకు వెళ్లిపోయాయి. ఆయన ఆ మేత వెయ్యకముందే వాసన పట్టుకుని వెనక్కి తెచ్చారు గనక సరిపోయింది. గోడౌన్ యజమాని ఫోన్‌లో అరుస్తుంటే ఆ గొంతు మా గదిదాకా వినబడింది.

సార్ ఇరవై ఒక్క నెలలని రాసిన ఆ కాగితం తీసి ఆమె బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. ఆమె ముఖం పాలిపోయింది. ఆరు నెలలుగా నేను ఎదురుచూసిన క్షణం అదే. కళ్లారా చూశాను. సుఖం అనుకున్నది నోట్లో పెట్టుకుంటే చప్పగా ఉంది.

ఆమె వారం రోజులు ఆ చచ్చిన సెన్సర్ల మీద కూర్చుంది. చెమ్మకు బోర్డు మీద కరెంటు కారుతోందేమో అని టంకం మడ్డి కడిగి, ఆరబెట్టి, కెపాసిటర్ పెట్టి మళ్లీ కొలిచింది. మూడే. సెల్లులు నకిలీవేమో అని కొత్తవి రెండు తీసి రెసిస్టర్ పెట్టి ఖాళీ చేయించి చూసింది. అసలైనవే. ఒకరోజు మధ్యాహ్నం టిఫిను ముట్టకుండా, "నా లెక్కలోనే ఏదో తప్పుందక్కా. ఎక్కడో తెలీట్లేదు. మీరు ఓసారి చూస్తారా?" అని కాగితం నా ముందు పెట్టింది. పెన్సిలుతో మూడుసార్లు కొట్టేసి రాసుకుంది.

"లెక్క బాగానే ఉంది," అన్నాను. ఆ కాగితం వైపు చూడలేక కిటికీలోంచి బయటకు చూశాను.

మర్నాడు ఆమెకు ఒక దారి దొరికింది. ప్రోగ్రాం సరిచేసినప్పుడే, రేడియో ఎన్నిసార్లు పంపిందో రోజుకోసారి చిప్‌లో చెరిగిపోని చోట రాసుకునేలా ఒక లెక్కింపు పెట్టిందట. నాకు ఆ సంగతి తెలియదు. కొత్త సెల్ వేసి ఆ అంకె చదివింది. నిమిషానికోసారి అంటే రోజుకు పద్నాలుగు వందల నలభై ఉండాలి. సగటున ఏడు వేలు దాటి ఉంది.

"అయిదింతలక్కా! జవాబు రాక మళ్లీ మళ్లీ పంపింది. బస్తాలు అడ్డొచ్చి సిగ్నల్ పోతోందేమో. ఇద్దరం వెళ్లి చూద్దామండి."

వెళ్లనని చెప్పడానికి నాకు కారణం దొరకలేదు.

గోడౌన్‌లో బూజు వాసన ఇంకా పోలేదు. ఆమె ఒక్కో మూలకూ వెళ్లి సిగ్నల్ చూసుకుంటోంది. అన్నిచోట్లా బాగానే ఉంది. ఆమెకేమీ అంతుపట్టక గుమస్తాగారిని అడిగింది. "బాబాయిగారూ, ఇక్కడ కరెంటు ఎక్కువగా పోతుందాండీ?"

"పోవడం కాదమ్మా, మేమే ఆపేస్తాం. రాత్రిళ్లు, ఆదివారాలు. ఆ మేడంగారికి బిగించిన రోజే చెప్పేను కదండీ. ఇబ్బందేమీ లేదన్నారు," అన్నారు ఆయన నన్ను చూపించి.

ఆమె నావైపు తిరిగింది. నేను మెయిన్ స్విచ్ వైపు చూస్తూ నిలబడ్డాను.

తిరుగు ఆటో ఎక్కాం. వాన జల్లు పక్కనుంచి కొడుతుంటే ఆమె టార్పాలిన్ నా వైపుకు కూడా లాగింది. కాలవ వంతెన దాటాక అడిగింది.

"మర్చిపోయేరా అక్కా?"

మర్చిపోయానంటే నమ్మేది. నాకు ఆ దారి ఆమే తెరిచి ఇచ్చింది.

"మర్చిపోలేదు. ఆ రోజే ఆటోలో లెక్క వేశాను. ఆరు నెలలు రావని తెలుసు."

ఆమె రోడ్డు వైపు తల తిప్పుకుంది. "నేనంటే మీకు అంత కోపమా?"

"కోపం కాదు," అన్నాను. ఆ తర్వాతి మాట చెప్పడానికి సిగ్గేసింది. "నువ్వు నాకంటే బాగా చేస్తావు. అది చూడలేకపోయాను."

ఆమె బస్టాండు దగ్గర దిగిపోతూ, "ఆ రైతు వాసన చూసేరు కాబట్టి సరిపోయిందండి. లేకపోతే చెరువంతా పోయేది," అంది. అక్కా అనలేదు.

సార్‌కు ఆమె రిపోర్టు రాసి ఇచ్చింది. గోడౌన్ వాళ్లు మెయిన్ ఆపుతున్నారని, అది ముందుగా మనం అడిగి ఉండాల్సిందని రాసింది. 'మనం' అని. అది చదివి నాకు ఉపశమనం కలగలేదు. ఆ మంచితనం చూసి కూడా ఒళ్లు మండింది. నాకైతే అలా రాయడం చేతకాదు. రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజు సార్ గదిలోకి వెళ్లి నిలబడి మొత్తం చెప్పాను. స్విచ్ సంగతి, గ్రాఫు గీత సంగతి, అన్నీ.

సార్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదండి," అన్నారు. కళ్లజోడు మళ్లీ పెట్టుకుంటూ, "తెలియకపోతేనే బాగుండేదేమో," అన్నారు. నన్ను ఉద్యోగంలోంచి తియ్యలేదు. గోడౌన్‌కు వెళ్లి క్షమాపణ అడిగి రమ్మన్నారు. వెళ్లి అడిగాను. ఆ రోజు నుంచి డిజైన్ పని ఆమె చూసుకునేలా, నేను ఆమె కింద చేసేలా మార్చారు.

రాత్రిళ్లు మెయిన్ వేసి ఉంచడానికి గోడౌన్ వాళ్లు ఒప్పుకోలేదు. వాళ్ల భయం వాళ్లది. అందుకని ఆమె ప్రోగ్రామే మార్చింది. రెండుసార్లు జవాబు రాకపోతే సెన్సర్ ఇక గొంతు చించుకోదు. రీడింగులు తనలోనే దాచుకుని, పావుగంటకోసారి మాత్రం ఒకసారి పిలిచి చూస్తుంది. రిసీవర్ లేచాక పన్నెండేసి రీడింగులు ఒక్కో మూటగా కట్టి పంపేస్తుంది. ఆ ప్రోగ్రాం పరీక్షించే పని నాకు ఇచ్చింది. రిసీవర్ ఆపుతూ, వేస్తూ, ఎంత కరెంటు పోతోందో రెండు వారాలు కొలిచాను. పగలు పదకొండు చిల్లర, రిసీవర్ ఆగినప్పుడు నాలుగు. అంటే మెయిన్ ఆపేసే గోడౌన్‌లోనే సెల్ ఎక్కువ రోజులు వస్తుంది. అంకెలు ఆమె ముందు పెట్టాను.

"ముప్పై మూడు నెలలు వస్తోంది," అన్నాను.

ఆమె లెక్కంతా మళ్లీ మొదటి నుంచి చూసింది. నా అంకెలను ఆమె సరిచూసుకోవడం ఇప్పుడు నాకు తప్పుగా అనిపించలేదు. అనిపించినా అనగల స్థితిలో లేను.

"ముప్పై అని రాద్దామండి. మనకు తెలియని స్విచ్ ఇంకోటి ఉండొచ్చు," అంది.

గ్రాఫుల పేజీలో గీత తీసేసి, రీడింగు లేనిచోట ఖాళీ కనబడేలా మార్చాను. దాచుకున్న రీడింగులు వచ్చాక చూస్తే, రాత్రిళ్లు గోడౌన్‌లో తేమ పగటికంటే బాగా ఎక్కువగా ఉంది. ఇన్నాళ్లూ ఆ నున్నటి గీత కింద అదంతా కనబడకుండా పోయింది. ఇప్పుడు కొత్త చోట బిగించే ముందు మెయిన్ ఎప్పుడు ఆపుతారు, ఎవరు ఆపుతారు అని అడిగి రాసుకోవడం నా పని.

రెండో వానాకాలం వెళ్లిపోయింది. ముప్పై సెన్సర్లూ నడుస్తున్నాయి. ఆమె ఇప్పుడు నన్ను మేడం అంటుంది, మర్యాదగానే. మొన్న ఒక సాయంత్రం ఆమె, సార్ ఇద్దరూ ఒక బల్ల దగ్గర కొత్త బోర్డు ముందు తలలు వంచి ఏదో చూసుకుంటున్నారు. ఆయన, "భలేగా ఉందమ్మా!" అన్నారు. నా బల్ల దగ్గరికి ఆ మాట వినిపించింది. లోపల ఎక్కడో అదే పాత మంట రేగింది. కాసేపటికి ఆమె ఆ బోర్డు తెచ్చి నా ముందు పెట్టి, "స్లీప్ కరెంటు చూస్తారా మేడం?" అని అడిగింది. సెల్ తీసి, కెపాసిటర్ అతికించి, స్టాప్‌వాచ్ నొక్కాను.